గ్రంథాలయం ఫొటో డైరీ: ఇంకా కట్టని బిల్డింగుని ఖాళీ స్థలం ఫొటోలో అసలు కొలతలతో నిలబెట్టడం

మార్చి 14

మా ఊళ్ళో (తూర్పు గోదావరి వైపు, కాలవ పక్క పల్లెటూరు) పంచాయతీ స్థలంలో చిన్న గ్రంథాలయం కట్టాలని అనుకుంటున్నారు, కింద ఒక హాలు పైన ఒక హాలు అంతే. గ్రామసభలో చూపించడానికి బొమ్మ కావాలని లెక్కల మాస్టారు ఫోన్ చేశారు, రిటైరై ఊళ్ళోనే ఉంటున్నారు, ఈ పనంతా ఆయనే నడిపిస్తున్నారు. "ప్లాన్ కాగితం పెడితే ఎవరికీ అర్థం కాదురా అబ్బాయ్, ఆ స్థలం ఫొటో తీసి అందులోనే బిల్డింగు నిలబెట్టి చూపించు" అన్నారు.

నిజానికి ఇదివరకే ఒక బొమ్మ ఉంది. ఎవరో రోడ్డు మీంచి ఫొటో తీసి, బిల్డింగుని ఎదురుగా చూస్తే ఎలా ఉంటుందో గీసిన ఎలివేషన్ బొమ్మని కత్తిరించి, కంటికి బాగున్నంత సైజులో అతికించేశారు, ముందు ఒక పెద్ద చెట్టు కూడా పెట్టారు. చూడ్డానికి ముద్దుగానే ఉంది గానీ అందులో రెండంతస్తుల గ్రంథాలయం పక్కనున్న పెద్దమ్మగారి ఇంటి కంటే పొట్టిగా ఉంది! పెద్దమ్మగారు ఆ బొమ్మ చూసే "ఇంతేగా, కట్టుకోండి నాయనా" అని ఒప్పుకున్నారంట. ఆవిడ ఇంటి తూర్పు గోడకి కిటికీ ఉంది, పొద్దున్న ఎండంతా అక్కణ్ణుంచే వస్తుంది, గ్రంథాలయం వచ్చేది సరిగ్గా ఆ తూర్పు వైపే. తప్పు సైజు బొమ్మ చూపించి ఒకరి చేత సరే అనిపించుకోవడం నాకు అస్సలు నచ్చలేదు, అందుకే ఈ పని ఒప్పుకున్నా.

బావ డ్రాఫ్ట్స్‌మన్, కొలతలు వాడి దగ్గర తీసుకున్నా. ముందు వెడల్పు 10 మీటర్లు, లోతు 9 మీటర్లు. బేస్‌మెంట్ రోడ్డు మట్టం నుంచి 0.6 మీటరు, దాని మీద ఒక్కో అంతస్తు 3.3 చొప్పున రెండు, పైన పిట్టగోడ 0.9. అంటే పిట్టగోడ పైఅంచు రోడ్డు నుంచి 8.1 మీటర్లు. మళ్ళీ మళ్ళీ వాడేది ఈ ఒక్క అంకే.

మార్చి 15

పొద్దున్నే వెళ్ళి రోడ్డుకి ఇవతల నిలబడి ఫోన్‌తో ఫొటో తీశా. స్టాండు మీద ఫోన్ పెట్టి లెన్సు రోడ్డు నుంచి సరిగ్గా 1.5 మీటర్ల ఎత్తులో ఉండేలా చూసుకున్నా.

నా దగ్గరున్న ఉపాయం దిగంతరేఖ లెక్క, అంటే దూరంగా నేలా ఆకాశం కలిసినట్టు కనపడే గీతతో చేసే లెక్క. కెమెరాని పైకీ కిందికీ వంచకుండా తిన్నగా పెడితే దిగంతరేఖ ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే పడుతుంది. నేల సమంగా ఉంటే ఫొటోలో ఏ వస్తువు మీదైనా ఆ గీత తగిలే చోటు నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తు. దగ్గర మనిషికైనా దూరపు గోడకైనా ఇదే. కాబట్టి బిల్డింగు పాదం ఉండే చోటు నుంచి దిగంతరేఖ దాకా ఎన్ని పిక్సెళ్ళో కొలిచి 1.5తో భాగిస్తే అక్కడ ఒక మీటరుకి ఎన్ని పిక్సెళ్ళో వచ్చేస్తుంది, దూరం తెలియక్కర్లేదు లెన్సు సంగతీ తెలియక్కర్లేదు.

ఇంటికొచ్చి, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో కొలిచా. స్థలంలో బిల్డింగు ముందు గోడ వచ్చే చోట నేల దిగంతరేఖకి 270 పిక్సెళ్ళ కింద ఉంది. 270ని 1.5తో భాగిస్తే మీటరుకి 180. బిల్డింగు 8.1 మీటర్లు కాబట్టి 1458 పిక్సెళ్ళు. అంత పొడుగున ఎలివేషన్ పెట్టి చూస్తే కోటలా ఉంది, పక్క ఇల్లు దాని ముందు బొమ్మరిల్లు అయిపోయింది.

పాత బొమ్మ మరీ చిన్నది కాబట్టి అసలు సైజు ఇదేనేమో అని ఒక గంట సేపు నమ్మాను కూడా. తర్వాత పెద్దమ్మగారి వీధి గుమ్మం కొలిచా. వాళ్ళ ఇంటి ముందు గోడ, మన బిల్డింగు ముందు గోడ దాదాపు ఒకే వరసలో ఉంటాయి, అంటే కెమెరా నుంచి దూరం ఒకటే, స్కేలు కూడా ఒకటే అవ్వాలి. గుమ్మం 7 అడుగులు, 2.13 మీటర్లు. మీటరుకి 180 అయితే గుమ్మం 383 పిక్సెళ్ళు ఉండాలి. ఫొటోలో ఉన్నది 265. అంటే అక్కడ మీటరుకి 124 మాత్రమే, నేను బిల్డింగుని దాదాపు ఒకటిన్నర రెట్లు పెంచేశానన్నమాట.

లెక్క తప్పు కాదు, ఎక్కడో నేల తప్పు. సాయంత్రం మళ్ళీ వెళ్ళి ఆ పిచ్చిమొక్కల్లోకి దిగితే అర్థమైంది, స్థలం పల్లం. రోడ్డు మీంచి చూస్తే గడ్డి ఎత్తుగా ఉండి సమంగా కనపడుతుంది గానీ దిగితే మోకాలి పైదాకా తేడా. మా వైపు సగం ఖాళీ స్థలాలు ఇంతే, మెరక తోలాకే ఇల్లు కడతారు. కెమెరా ఆ నేల నుంచి 1.5 కాదు, ఇంకా చాలా పైన ఉంది.

మార్చి 18

మేస్త్రీ గారితో మాట్లాడా, పల్లం ఎంతో తేల్చుకోవాలంటే ఎలాగని. "పైపు తెస్తాను, నీ ఫోను ఎత్తు అక్కడికి మోసేద్దాం" అన్నారు. ఈ మాట విన్నాక అసలు మొదటి రోజే ఆయన్ని ఎందుకు అడగలేదా అనిపించింది.

పునాదులప్పుడు మట్టం చూసే నీళ్ళ పైపే, సన్నటి తెల్ల పైపులో నీళ్ళు నింపితే రెండు చివర్లలో నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి. ఒక చివర ఫోను లెన్సు పక్కన, రెండో చివర స్థలంలో పాతిన కర్ర పక్కన. లెన్సు దగ్గర నీళ్ళు లెన్సు మట్టానికి వచ్చేదాకా పైకీ కిందికీ జరిపి, అప్పుడు కర్ర దగ్గర నీళ్ళు ఎక్కడ నిలబడితే అక్కడ ఎర్ర రిబ్బను కట్టడమే. ఇలా కడితే నేల ఎలా ఉన్నా సంబంధం లేదు, రిబ్బన్లన్నీ కెమెరా ఎత్తులోనే ఉంటాయి కాబట్టి ఫొటోలో వాటిని కలిపే గీతే దిగంతరేఖ.

ఒక్కటే జాగ్రత్త, పైపులో గాలి బుడగ ఉండకూడదు. మాకు మొదటిసారి రెండు కర్రలకీ పొంతన కుదరలేదు, మేస్త్రీ గారు పైపు మొత్తం చేత్తో తడుముకుంటూ వెళ్ళి మధ్యలో వేలెడు బుడగ పట్టుకున్నారు. అందుకే ఆయన మొదలెట్టే ముందు రెండు చివరలూ పక్కపక్కన పెట్టి నీళ్ళు సమంగా ఉన్నాయా అని చూస్తారంట. రెండోసారి అలా చూసే మొదలుపెట్టాం.

కర్రలు రెండు, పాతాక ఒక్కోటి నేల పైన 3 మీటర్లు ఉండే వెదురు, అర మీటరుకొకటి చొప్పున తెలుపూ ఎరుపూ పట్టీలు వేశాను. బిల్డింగు ముందు గోడ రెండు మూలలు వచ్చే చోట పాతాం. కెమెరాని ముందు గోడ వరసకి టేపుతో 24 మీటర్ల దూరంలో పెట్టా, మేస్త్రీ గారి 3-4-5 మూలమట్టం లెక్కతో లంబం చూసుకుని. కెమెరా ఎదురుగా ఉన్న బిందువు నుంచి ఎడమ మూల 4 మీటర్లు కుడికి, కుడి మూల 14 మీటర్లు కుడికి. బిల్డింగు మధ్యలో కాకుండా ఇలా పక్కకి ఎందుకంటే, అప్పుడే పడమటి గోడ కూడా కొంచెం కనపడుతుంది, ముందు గోడ మాత్రం వంకర పోకుండా దీర్ఘచతురస్రంగానే ఉంటుంది.

రెండు కర్రల మీదా రిబ్బను నేల నుంచి 2.2 మీటర్ల దగ్గర పడింది. కెమెరా రోడ్డు నుంచి 1.5 కాబట్టి స్థలం రోడ్డు కంటే 0.7 మీటరు పల్లం. మొన్నటి 270ని 1.5 బదులు 2.2తో భాగిస్తే 123, గుమ్మం చెప్పింది 124. ఇది చూశాక ప్రాణం కుదుటపడింది.

మార్చి 19

ఈ రోజంతా కంప్యూటర్ ముందే. ముందు ఫొటోలో ఉన్న వివరాలు చూశా:

```
exiftool -FocalLengthIn35mmFormat -ImageWidth -ImageHeight sthalam.jpg
```

26, 4000, 3000 అని వచ్చింది, అంటే ఫిల్ము కెమెరా లెక్కలో 26 ఎంఎం లెన్సు, ఫొటో వెడల్పు 4000 పిక్సెళ్ళు, ఎత్తు 3000. ఆ 26ని పిక్సెళ్ళలోకి మార్చి దూరంతో భాగిస్తే ఆ దూరంలో మీటరుకి ఎన్ని పిక్సెళ్ళో వస్తుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేసే చోటు ఒకటుంది. ఆ 26ని పిక్సెళ్ళలోకి మార్చాలంటే పాత ఫిల్ము వెడల్పు 36తో భాగించి 4000తో గుణిస్తారు, 2889 వస్తుంది. కానీ ఫిల్ము ఫ్రేము 3:2, ఫోను ఫొటో 4:3, ఆకారాలు వేరు కాబట్టి ఆ పోలికని మామూలుగా కర్ణం మీద చూస్తారు. ఫిల్ము కర్ణం 43.3, మన ఫొటో కర్ణం 5000 పిక్సెళ్ళు, అలా చేస్తే దాదాపు 3000 వస్తుంది. రెండింటికీ దగ్గర దగ్గర 4 శాతం తేడా, బిల్డింగు మీద అది అడుగు పైనే.

ఏది నమ్మాలో కర్రలే చెప్పాయి. ఎడమ కర్ర పై నుంచి కింది దాకా 374 పిక్సెళ్ళు, కుడి కర్ర 376. సగటు 375, మూడు మీటర్లకి 375 అంటే మీటరుకి 125, దూరం 24తో గుణిస్తే 3000. కర్ణం లెక్కే సరైంది. ఇంకో సంగతి, రెండు కర్రలూ దాదాపు సమానంగా రావడమంటే కెమెరా ముందు గోడకి తిన్నగా ఎదురుగానే ఉందని కూడా రుజువు, కొంచెం పక్కకి తిరిగి ఉంటే ఒక కర్ర పొడుగ్గా ఇంకోటి పొట్టిగా వచ్చేవి. కుడి కర్ర ఫొటో అంచుకి దగ్గరగా ఉన్నా తేడా రాలేదు కాబట్టి లెన్సు వంపు కూడా పట్టించుకోనక్కర్లేదు. మామూలు లెన్సుతోనే తీశాను లెండి, అల్ట్రావైడ్ లెన్సుతో తీసుంటే అంచుల దగ్గర ఇంత బాగా వచ్చేది కాదు.

రిబ్బన్లని కలిపితే దిగంతరేఖ పై నుంచి 1512వ పిక్సెల్ వరసలో పడింది, ఫొటో సరిగ్గా మధ్య 1500. ఫోను వెంట్రుకవాసి పైకి లేచి ఉందన్నమాట. అందుకే మధ్య వరసని గుడ్డిగా దిగంతరేఖ అనుకోకూడదు, రిబ్బను చెప్పిందే తీసుకోవాలి. ఇంత చిన్న వంపుకి నిలువు గీతలు ఏమీ వాలవు. బిల్డింగు పై భాగం పట్టలేదని ఫోను పైకెత్తి తీస్తే మాత్రం గోడలన్నీ లోపలికి వాలిపోతాయి, ఈ లెక్క పనికిరాదు. అలాంటప్పుడు ఫోను నిలువుగా తిప్పి తిన్నగా తీసి, కింద రోడ్డు ఎక్కువొస్తే కత్తిరించుకోవడం మేలు.

మూలల్ని చేత్తో లెక్కేస్తుంటే పొరపాట్లు వస్తున్నాయని పైథాన్‌లో రెండు లైన్లు రాసుకున్నా. x అంటే కెమెరాకి కుడివైపు ఎన్ని మీటర్లు, y అంటే దిగంతరేఖకి పైన ఎన్ని మీటర్లు, z అంటే దూరం, f అంటే కర్రలు చెప్పిన 3000, 2000 అంటే ఫొటో వెడల్పులో మధ్య.

```
def px(x, y, z, f=3000):
    return 2000 + f*x/z, 1512 - f*y/z
```

పిట్టగోడ రోడ్డు నుంచి 8.1, కెమెరా 1.5, కాబట్టి దిగంతరేఖకి పైన 6.6 మీటర్లు. ముందు ఎడమ మూల పైన `px(4, 6.6, 24)` ఇస్తే 2500, 687. కింది మూల ఎక్కడ పెట్టాలనేదే అసలు ప్రశ్న. ఇప్పుడున్న పల్లం దగ్గర కాదు, ఎందుకంటే కట్టేటప్పటికి మెరక తోలి రోడ్డు మట్టానికి తెస్తారు. కాబట్టి కింది మూల దిగంతరేఖకి 1.5 మీటర్లే కింద, `px(4, -1.5, 24)`, అంటే 1700వ వరస దగ్గర. ఇప్పటి గడ్డి అంచుకంటే 88 పిక్సెళ్ళు పైన. అంటే బిల్డింగుతో పాటు మెరక తోలిన నేల కూడా గీయాలి, లేదంటే బిల్డింగు గాల్లో తేలినట్టుంటుంది. ఇంకోచోట తీసిన గ్రావెల్ ఫొటో ముక్క పెట్టి నేల పైకి తెచ్చా.

ముందు గోడకి పెద్ద పనేం లేదు, బావ ఇచ్చిన ఎలివేషన్‌ని 1250 పిక్సెళ్ళ వెడల్పుకి మార్చి పెట్టేశా. పడమటి గోడకి వెనక మూలలు కావాలి, అవి 33 మీటర్ల దూరంలో, అక్కడ మీటరుకి 91. వెనక మూల అడ్డంగా 2364 దగ్గర, పైన 912, కింద 1648. పెర్స్పెక్టివ్ టూల్‌తో పక్క గోడ బొమ్మని నాలుగు మూలలకీ లాగి పెడితే 9 మీటర్ల గోడ 136 పిక్సెళ్ళలో ఒదిగిపోయింది. పై అంచు, కింది అంచు పొడిగిస్తే రెండూ దిగంతరేఖ మీద కెమెరా ఎదురు బిందువు దగ్గరే కలిశాయి.

మార్చి 20

రాత్రి మాస్టారికి పంపించా. పొద్దున్నే ఫోన్.

"ఒరేయ్, బిల్డింగు కరెంటు స్తంభం అంతే ఉందేంట్రా? స్తంభం కంటే బిల్డింగు ఎత్తు కదా?"

మంచి ప్రశ్న, నేనూ ముందు ఉలిక్కిపడ్డా. స్తంభం 8 మీటర్ల సిమెంటు స్తంభం, మీటరున్నర భూమిలో ఉంటుంది, పైన కనపడేది 6.5. బిల్డింగు దానికంటే 1.6 మీటర్లు ఎత్తు. కానీ స్తంభం రోడ్డు అవతలి అంచున ఉంది, కెమెరాకి 18 మీటర్లే, అక్కడ మీటరుకి 167 పిక్సెళ్ళు. స్తంభం కొన దిగంతరేఖకి 5 మీటర్ల పైన, అంటే 833 పిక్సెళ్ళు. బిల్డింగు 6.6 మీటర్లు పైన గానీ 24 మీటర్ల దూరంలో కాబట్టి 825. రెండూ ఫొటోలో దాదాపు ఒకే ఎత్తులో కనపడాలి. ఫొటోలో స్తంభం నిజంగా ఎంతుందో కొలిస్తే మొదలు నుంచి కొన దాకా 1080, లెక్క ప్రకారం 1083. నేను వాడని ఒక వస్తువు ఇలా లెక్కకి సరిపోవడం కంటే పెద్ద పరీక్ష ఇంకోటి లేదు.

మాస్టారికి ఇదంతా చెప్తే "అయితే సభలో కూడా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు, స్తంభం దగ్గర, బిల్డింగు దూరం అని అక్కడే చెప్పు" అన్నారు.

పనిలో పని, స్తంభం తీగలు బిల్డింగు ముందు నుంచి వెళ్ళాలి కదా, నేను అతికించినప్పుడు అవి మాయమైపోయాయి. అసలు ఫొటో లేయర్‌ని ఇంకోటి పైన పెట్టి, తెల్లగా ఉన్న చోటే లేయర్ కనపడేలా చేసే మాస్కులో తీగలు, స్తంభం, రోడ్డు పక్క గడ్డి మాత్రం తెల్లగా గీసుకుంటూ వెనక్కి తెచ్చా. తీగలు రెండు మూడు పిక్సెళ్ళే గానీ అవి లేకపోతే బిల్డింగు రోడ్డు మీదకి దూకినట్టుంటుంది.

మార్చి 22

ఈ రోజు నీడ. 8:50కి రోడ్డు మీద 3 మీటర్ల కర్ర నిలువుగా పట్టుకుని నీడ కొలిచాం, 3.9 మీటర్లు, పడమటికి, కొంచెం ఉత్తరానికి తిరిగి. ఆ నిమిషంలోనే పాత చోటు నుంచే ఫొటో మళ్ళీ తీశా, ఇక ఫైనల్ బొమ్మకి ఇదే ఫొటో. బిల్డింగు మీద వెలుగు ఒక దిక్కున, ఫొటోలో వెలుగు ఇంకో దిక్కున ఉంటే చూసేవాళ్ళకి ఎందుకో తెలియకపోయినా నమ్మబుద్ధి కాదు.

కర్రకి 1.3 రెట్లు నీడ. అంటే నీడ 1.3 మీటర్లు ముందుకెళ్ళేసరికి ఒక మీటరు కిందికి దిగుతుంది. మన బిల్డింగు పడమటి అంచుకీ పెద్దమ్మగారి తూర్పు గోడకీ మధ్య 6 మీటర్లు. నీడ కొంచెం ఏటవాలుగా పోతుంది కాబట్టి నడిచే దూరం 6.2, దిగేది 4.8. పిట్టగోడ 8.1 నుంచి 4.8 తీసేస్తే 3.3. ఆవిడ గోడ మీద రోడ్డు మట్టం నుంచి 3.3 మీటర్ల దాకా నీడే. ఆ కిటికీ కింది గడప 1.5 దగ్గర, పైఅంచు 2.7 దగ్గర. కిటికీ మొత్తం నీడలో మునిగిపోయింది.

ఫొటోలో ఆ గోడ సన్నటి పట్టీలా కనపడుతుంది, 74 పిక్సెళ్ళే. దాని మీద నీడ అంచు గీయడం తేలికే, దిగంతరేఖకి 1.8 మీటర్ల పైన, ముందు మూల నుంచి 1.4 మీటర్లు లోపలికి మొదలై వెనక్కి వెళ్ళేకొద్దీ గోడతో పాటే కిందికి దిగుతుంది. నీడ రంగు నల్లగా పులమకుండా ఆవిడ ఇంటి సన్‌షేడ్ కింద పడిన నిజం నీడ ఎంత ముదురుగా ఉందో చూసి అంతే పెట్టా, కొంచెం నీలం కలిసి ఉంటుంది అది.

ఇది ఒక్క రోజు ఒక్క వేళ నీడే. డిసెంబర్లో సూర్యుడు బాగా దక్షిణంగా ఉంటాడు, అప్పటి నీడ వేరు. ఆ సంగతి బొమ్మ కిందే తేదీ, టైముతో సహా రాశా.

మార్చి 24

చెట్టు. బావ ప్లానులో బిల్డింగు ముందు గోడకి 3 మీటర్ల ముందు ఒక కానుగ చెట్టు గుండ్రంగా గీసి ఉంది. నెట్‌లో దొరికే చెట్టు బొమ్మలు వాడటం నాకిష్టం లేదు, ఏ దేశం చెట్లో, ఎంత దూరం నుంచి తీశారో తెలీదు. బడి దగ్గర కానుగ ఉంది, నాటి పన్నెండేళ్ళయిందని మాస్టారే చెప్పారు, ఆయన బడిలో ఉన్నప్పుడు నాటించిందే. కర్ర పక్కన పెట్టి కొలిస్తే ఎత్తు 7 మీటర్లు, కొమ్మల విస్తారం 6 మీటర్లు.

కొత్త చెట్టు కెమెరాకి 21 మీటర్ల దూరంలో వస్తుంది. కాబట్టి బడి చెట్టుని కూడా అదే ఫోనుతో, అదే 1.5 ఎత్తు నుంచి, సరిగ్గా 21 మీటర్ల దూరం నుంచి, ఉత్తరం వైపు చూస్తూ, పొద్దున్న 8:50కే తీశా. ఇలా తీస్తే స్కేలు మార్చే పనే లేదు, కత్తిరించి అలాగే పెట్టేయడమే. 7 మీటర్లకి మీటరుకి 143 చొప్పున వెయ్యి పిక్సెళ్ళు రావాలి, 996 వచ్చింది. వెలుగు కూడా అదే వైపు నుంచి. చెట్టు వెనక ఆకాశమే ఉండేలా చూసుకున్నా కాబట్టి ఆకుల్ని కత్తిరించక్కర్లేదు, నీలం ఛానెల్‌లో ఆకాశం తెల్లగా ఆకులు నల్లగా ఉంటాయి, దాన్నే కాపీ చేసి తిరగేసి మాస్కుగా వాడా. కొమ్మల సందుల్లోంచి వెనక గోడ కనపడుతుంది, చేత్తో కత్తిరిస్తే ఇది రాదు. ఆకుల అంచున సన్నటి తెల్ల గీత మిగులుతుంది, లెవెల్స్ కొంచెం బిగిస్తే పోయింది.

పెట్టి చూస్తే బొమ్మ చాలా అందంగా ఉంది. కానీ ఎదురుగా తీసిన ఫొటోలో లోతు తెలియదు, అందుకే అనుమానమొచ్చి ప్లాను మీద 3 మీటర్ల వ్యాసార్థంతో చక్రం గీశా. ఒక పక్క బిల్డింగు గోడకి తగులుతోంది, రెండో పక్క సరిగ్గా 18 మీటర్ల వరసకి, అంటే కరెంటు తీగల కిందికి వస్తోంది. ఏటా కొమ్మలు నరుకుతూనే ఉండాలి. ఫొటోలో మాత్రం ఇదేమీ కనపడలేదు! బావకి ఫోన్ చేస్తే "చెట్టు సంగతి నేను చూళ్ళేదు బావా, బొమ్మ నిండుగా ఉంటుందని గుండ్రం గీశానంతే" అన్నాడు. కానుగని వెనక పెరట్లోకి మార్చి ముందు నందివర్ధనం పెడదాం అన్నాం. పెరట్లో కానుగ ఈ ఫొటోలో బిల్డింగు వెనక దాక్కుంటుంది.

నందివర్ధనాన్ని కూడా రెండు బొమ్మలుగా చేశా, నాటిన రోజున మీటరు మొక్క, పెరిగాక రెండున్నర మీటర్లు. కొత్త గోడలతో పెద్ద చెట్టుని కలిపి చూపిస్తే అలాంటి రోజు ఎప్పటికీ రాదు, చెట్టు పెరిగేసరికి గోడకి రంగు వెలిసిపోతుంది.

మార్చి 27

ప్రింటు గురించి ఒక మాట. ఫోను లెన్సు కొంచెం వైడ్ కాబట్టి చిన్న కాగితం మీద చూస్తే అన్నీ దూరంగా చిన్నగా కనపడతాయి, కళ్ళకి అసలు సైజు అనిపించాలంటే ప్రింటు వెడల్పులో ముప్పావు వంతు దూరం నుంచే చూడాలి, ఎందుకంటే 3000కి 4000 అదే నిష్పత్తి. ఏ3 కాగితమైతే అడుగు దూరం, అలా ఎవరూ చూడరు. ఇంగ్లండులో ల్యాండ్‌స్కేప్ ఇన్‌స్టిట్యూట్ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలాంటి ఫొటోలకి ఫుల్ ఫ్రేము కెమెరా, 50 ఎంఎం లెన్సు వాడమంటారు, చేతిలో పట్టుకుని చూసే దూరానికి అది సరిపోతుంది. మా దగ్గర ఆ కెమెరా లేదు కాబట్టి 8 అడుగుల ఫ్లెక్సు వేయించి, దాని ముందు 6 అడుగుల దగ్గర ముగ్గుతో గీత గీసి అక్కడ నిలబడి చూడమన్నాం.

మార్చి 28

గ్రామసభ. స్తంభం ప్రశ్న నిజంగానే వచ్చింది, మాస్టారే చెప్పారు. పెద్దమ్మగారు గీత దగ్గర చాలాసేపు నిలబడ్డారు, తర్వాత దగ్గరికెళ్ళి వేలితో గోడ మీద నీడ చూపించి "ఇది నా కిటికీ కాదూ?" అన్నారు.

అవునండీ అన్నాను. పాత బొమ్మలో ఇది లేదు అన్నారు. లేదండీ, ఇదే అసలు సైజు, అన్నాను.

కాసేపు మాటలయ్యాక ఎవరో తూర్పున ఇంకా స్థలం ఉంది కదా, బిల్డింగుని 2 మీటర్లు అటు జరపలేమా అన్నారు. అక్కడికక్కడే లెక్క వేశా, మధ్యలో దూరం 8 అయితే నీడ 1.8 దగ్గర ఆగుతుంది, కిటికీ గడప 1.5 దగ్గరుంది కాబట్టి కింద ఒక అడుగు తప్ప మిగతా కిటికీకి ఎండ వస్తుంది. బావ ప్లాను చూసి జరపొచ్చన్నాడు. పెద్దమ్మగారు "అలా జరిపి ఇంకో బొమ్మ చూపించు నాయనా, అప్పుడు చెప్తాను" అన్నారు.

ఉన్న ఫొటోలో జరపడం కుదరదు. కుడి మూల 16 మీటర్లకి వెళ్తే సరిగ్గా 4000వ పిక్సెల్ మీద పడుతుంది, అంటే ఫొటో అంచు మీదే. కెమెరాని కూడా 2 మీటర్లు తూర్పుకి జరపాలి, కర్రలు కొత్త మూలల్లో పాతాలి, రిబ్బన్లు మళ్ళీ కట్టాలి, వారంలో సూర్యుడు కొంచెం పైకొచ్చాడు కాబట్టి కర్ర నీడ కూడా మళ్ళీ కొలవాలి. రేపు ఎనిమిదింటికల్లా పైపు నింపుకుని వస్తానన్నారు మేస్త్రీ గారు.